బ్లైండ్ స్పాట్ పక్కన నలుపు: గ్లాకోమాయా, ఇంకేదైనానా? (24-2 షీటు పెట్టాను, చూసి చెప్పండి)

ఆప్టో_శ్రావణి
పేషెంటుకి 31 ఏళ్లు, ఆడ మనిషి. బయట ఎక్కడో ఫీల్డ్ చేయించుకుని "గ్లాకోమా అనుమానం" అని రాయించుకుని వచ్చారు. కంటి ప్రెషర్ రెండు కళ్లలోనూ 15. హంఫ్రీ మీద 24-2, సిటా స్టాండర్డ్. ఫిక్సేషన్ లాసెస్ 0/14, ఫాల్స్ పాజిటివ్ 2%, ఫాల్స్ నెగెటివ్ 3%. ఎండీ −1.9, పీఎస్‌డీ 3.1. జీహెచ్‌టీ దగ్గర `Within Normal Limits` అని ఉంది. గ్రే స్కేల్‌లో మాత్రం బ్లైండ్ స్పాట్ చుట్టూ పెద్ద నల్ల మచ్చ. కుడి కన్ను మధ్య నాలుగు వరసల డెసిబెల్ అంకెలు ఇవి. ఎడమ చివర ముక్కు వైపు, కుడి చివర చెవి వైపు:

```
+9        27 28 29 30 30 29 22 24
+3     26 28 30 31 32 32 29 <0 19
-3     27 29 31 32 33 32 26 <0 17
-9        28 29 30 31 31 29 18 22
```

ఎడమ కన్నులోనూ ఇదే తీరు, కాస్త తక్కువగా. ఇది ఆర్క్యుయేట్ మొదలవడమా, బ్లైండ్ స్పాటే పెద్దదైందా? మెషీన్ నార్మల్ అంటోంది, నలుపేమో కళ్ల ముందే కనిపిస్తోంది.

సుబ్బు_74
అనుమానం ఎందుకు? బ్లైండ్ స్పాట్ పెరగడమే గ్లాకోమాకి తొలి గుర్తు అని పాత పుస్తకాలన్నీ చెప్తాయి. ప్రెషర్ 15 ఉన్నా నార్మల్ టెన్షన్ గ్లాకోమా ఉండొచ్చు. చుక్కలు మొదలుపెట్టి ఆరు నెలలకి మళ్లీ ఫీల్డ్ చేయిస్తే తేలిపోతుంది.

పెరిమెట్రీ_మాస్టారు
సుబ్బుగారూ, చుక్కల సంగతి పక్కన పెట్టండి. ముందు షీటు చదువుదాం.

శ్రావణీ, గ్రే స్కేల్‌ని కాసేపు చేత్తో మూసెయ్. 24-2లో బిందువుకీ బిందువుకీ మధ్య 6 డిగ్రీల ఎడం ఉంటుంది. ఆ మధ్యలో మెషీన్ ఏమీ కొలవదు, రంగు మాత్రం పూసేస్తుంది. బ్లైండ్ స్పాట్ చోట అది మరీ మోసం చేస్తుంది. అక్కడ కొలిచేవి రెండే బిందువులు, మధ్య గీతకి 3 డిగ్రీలు పైన ఒకటి, 3 డిగ్రీలు కింద ఒకటి. డీవియేషన్ పటాల్లో ఆ రెండింటి చోటా ఖాళీయే ఉంటుంది. అంటే మచ్చ పెరిగిందో లేదో మెషీన్ తనంతట చెప్పదు, పొరుగు బిందువుల అంకెలు చూసి మనమే తేల్చుకోవాలి.

మామూలు బ్లైండ్ స్పాట్ అడ్డంగా సుమారు 5.5 డిగ్రీలు, నిలువుగా 7.5 డిగ్రీలు. దాని నడిమి చూపు కేంద్రం నుంచి 15.5 డిగ్రీలు చెవి వైపు, మధ్య గీతకి ఒకటిన్నర డిగ్రీ కిందకి ఉంటుంది. ఈ కొలతలు కాగితం మీద గీసి చూడు. కింది బిందువు మచ్చ లోపల పడుతుంది. పై బిందువు అంచుకి కాస్త బయట పడుతుంది. అందుకే చాలా షీట్లలో కింద <0 ఉండి, పైన 15, 20 కనిపిస్తాయి. నీ షీటులో రెండూ <0. దానిమీదే తీర్పు చెప్పకు. చూపు ఒక డిగ్రీ పైకి జరిగినా, తల కాస్త వంగినా పై బిందువు పడిపోతుంది.

అసలు సాక్ష్యం చుట్టూ ఉన్నవాటిలో ఉంది. చెవి వైపు చివరి బిందువులు 19, 17. ఈ వయసులో అక్కడ 28, 29 దాకా రావాలి. మచ్చ కింద ఉన్నది 18, మచ్చ పైన 22, ముక్కు వైపు కింద 26. ఇవి మామూలు మచ్చ అంచుకి సుమారు మూడు డిగ్రీలు, ఆపైన దూరంలో ఉండేవి. ఇవన్నీ తగ్గాయంటే మచ్చ అన్ని వైపులా ఉబ్బిందనే.

నల్లమల
మరి జీహెచ్‌టీ ఎందుకు నార్మల్ అంది? అదే అర్థం కావట్లేదు.

పెరిమెట్రీ_మాస్టారు
జీహెచ్‌టీ ముఖ్యంగా చేసే పని ఒక్కటే. పై సగంలోని ఐదు మండలాలని కింది సగంలో వాటికి అద్దంలా ఉండే ఐదు మండలాలతో పోలుస్తుంది. తేడా ఉంటే అరుస్తుంది. బ్లైండ్ స్పాట్‌కి అవతల, చెవి వైపు బిందువులు ఆ మండలాల్లో లేనే లేవు. పైగా ఇక్కడ దెబ్బ పైనా కిందా ఇంచుమించు సమానంగా ఉంది, కాబట్టి పోలికలో పెద్ద తేడా రాదు. గ్లాకోమా పైనో కిందో ముందు ఒక పక్క తింటుందన్న లెక్క మీద కట్టిన పరీక్ష అది. వేరే జబ్బుకి అది నార్మల్ అన్నా ఊరట లేదు.

డల్లాస్_వాసు
నాకూ ఇదే డౌటు. మా నాన్నగారి ఎడమ కన్ను రిపోర్టులో ఫిక్సేషన్ లాసెస్ 7/15, పక్కన `XX` అని వచ్చింది. అంటే ఆయన బ్లైండ్ స్పాట్ కూడా పెద్దదైనట్టేనా?

లెన్స్‌బాక్స్
కాదండీ, దాదాపు దానికి తిరగేసిన సంగతి. మెషీన్ అప్పుడప్పుడు సరిగ్గా బ్లైండ్ స్పాట్‌లో ఒక వెలుగు చుక్క వేస్తుంది. కన్ను కదలకుండా ఉంటే అది కనపడకూడదు. బటన్ నొక్కితే ఒక లాస్. 20% దాటితే `XX` పడుతుంది. ఒక్కోసారి పరీక్ష మొదట్లో మచ్చ ఎక్కడుందో మెషీన్ తప్పుగా గుర్తించినా, మధ్యలో తల వాలినా, చూపు నిలకడగానే ఉన్నా లాసెస్ ఎక్కువ వస్తాయి. కనపడకపోయినా ఆత్రంగా బటన్ నొక్కేవాళ్లకీ అంతే.

షీటు అడుగున గేజ్ ట్రాకర్ గీత ఉంటుంది, అది చూడండి. పైకి లేచిన గీతలు చూపు తప్పడం, కిందకి దిగినవి రెప్ప పడటమో, మెషీన్‌కి కన్ను దొరక్కపోవడమో. గీత చదునుగా ఉండి లాసెస్ మాత్రం ఎక్కువుంటే షీటు పారెయ్యక్కర్లేదు.

పెరిమెట్రీ_మాస్టారు
లెన్స్‌బాక్స్ చెప్పినదానికి ఒక కొస. మచ్చ పెద్దదైనవాళ్లకి ఈ లెక్క మరీ మంచిగా వస్తుంది. కన్ను రెండు మూడు డిగ్రీలు జరిగినా ఆ చుక్క ఇంకా మచ్చలోనే పడుతుంది, బటన్ నొక్కరు. అందుకే శ్రావణి షీటులో 0/14 చూసి "ఫిక్సేషన్ అద్భుతం" అని రాసుకోకూడదు. ఆవిడకీ అడుగు గీతే ప్రమాణం.

ఆప్టో_శ్రావణి
గీత చూశాను మాస్టారూ. చదునుగానే ఉంది, మధ్యలో రెప్పపాట్లు మాత్రమే.

సుబ్బు_74
మీరంతా ఒకటి మరుస్తున్నారు. గ్లాకోమాలో డిస్క్ చుట్టూ పొర అరిగిపోతుంది, దానివల్ల మచ్చ పెరుగుతుంది. సైడెల్ స్కోటోమా అని బ్లైండ్ స్పాట్ నుంచే తోకలా మొదలవుతుంది కూడా. నేను అన్నది తప్పెలా అవుతుంది?

డా_కృష్ణవేణి
సగం ఒప్పే సుబ్బుగారూ. రెండూ నిజంగా ఉన్నవే. కానీ అవి ఏ దిక్కుకి పెరుగుతాయో చూడండి.

నరాల పోగులు డిస్క్‌లోకి దిగే దారిని బట్టే గ్లాకోమా మచ్చ ఆకారం ఉంటుంది. పైనుంచీ కిందనుంచీ వంపు తిరిగి వచ్చే పోగులు డిస్క్ పై కొసలో, కింది కొసలో చేరతాయి. ముందు దెబ్బ తినేవి అవే. కాబట్టి ఫీల్డ్‌లో తోక బ్లైండ్ స్పాట్ పై కొస నుంచో కింది కొస నుంచో బయలుదేరి, చూపు కేంద్రాన్ని చుట్టి ముక్కు వైపు వంపు తిరుగుతుంది. చెవి వైపు వెళ్లదు.

డిస్క్ పక్క అరుగుదల సంగతి. అది ఎక్కువగా డిస్క్‌కి మాక్యులా వైపున ఉంటుంది. ఫీల్డ్‌లో అది మచ్చకి ముక్కు వైపు అంచుని జరుపుతుంది, అంటే 9 డిగ్రీల బిందువులు పడాలి. ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్ల మయోపిక్ క్రెసెంట్ కూడా ఇంతే.

ఈ షీటులో బాగా పడినవి 21 డిగ్రీల బిందువులు. వాటికి లెక్క డిస్క్‌కి ముక్కు వైపు రెటీనా. అక్కడి పోగులు తిన్నగా డిస్క్‌లోకి వస్తాయి, గ్లాకోమాలో చిట్టచివరికి పోయేవి అవే. ముదిరిన గ్లాకోమాలో మిగతా చూపంతా పోయాక కూడా చెవి వైపు ఒక ముక్క మిగులుతుంది చూడండి, అది వీటి పుణ్యమే. ముక్కు వైపంతా 26 నుంచి 33 దాకా శుభ్రంగా ఉండి, చెవి వైపు 17 ఉండటం గ్లాకోమాకి సరిపడదు.

సుబ్బు_74
టెంపోరల్ వెడ్జ్ అని గ్లాకోమాలో ఒకటి ఉందిగా మేడమ్?

డా_కృష్ణవేణి
ఉంది, అరుదు. అది బ్లైండ్ స్పాట్ దగ్గర మొన, చెవి వైపు పోయేకొద్దీ వెడల్పు. డిస్క్ ముక్కు వైపు అంచు అరిగి ఉండాలి. ఇక్కడ మచ్చ కింద 18, ముక్కు వైపు 26 కూడా ఉన్నాయి. వెడ్జ్‌కి అటు పని లేదు. రెండు కళ్లలోనూ చుట్టూతా ఉబ్బితే ముందు అడగాల్సింది డిస్క్ వాపు గురించి. శ్రావణీ, ఫండస్ చూశారా?

ఆప్టో_శ్రావణి
కంటిపాప చిన్నగా ఉండగా చూశారట, "డిస్క్ అంచు అంత స్పష్టంగా లేదు" అని రాశారు. అది గ్లాకోమా రెఫరల్ కాగితంలోనే ఒక మూల ఉంది. సీడీఆర్ 0.2. తలనొప్పి ఉందని ఆవిడే చెప్పారు, వంగి లేచినప్పుడు చూపు క్షణం మసకబారుతోందట.

డా_కృష్ణవేణి
అయితే ఈ చర్చ కన్నా ముందు ఆవిడ్ని ఈరోజే డాక్టరుకి చూపించండి. డిస్క్ వాపని తేలితే బీపీ వెంటనే చూడాలి, బాగా పెరిగిన బీపీ కూడా డిస్క్ వాపు తెస్తుంది. ఆ తర్వాత మెదడు ఎంఆర్ఐ, సిరల వీనోగ్రామ్‌తో కలిపి. అవి శుభ్రంగా ఉంటేనే నడుం నీరు తీసి ప్రెషర్ కొలవడం. పెద్దవాళ్లలో 25 సెంటీమీటర్ల నీటి ప్రెషర్ దాటితే ఎక్కువని లెక్క. చెవిలో గుండె చప్పుడులా హోరు, వస్తువులు రెండుగా కనపడటం, ఈమధ్య బరువు పెరగడం, మొటిమలకి వాడే డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ లాంటి మందులు, ఇవన్నీ అడగండి.

సీడీఆర్ 0.2 కూడా గ్లాకోమాకి ఎదురు చెప్తోంది. గ్లాకోమా వల్ల ఫీల్డ్‌లో 10, 12 డీబీ గుంట పడితే డిస్క్‌లో దానికి తగ్గ గండి కనపడి తీరాలి.

రాజమండ్రి_కుర్రాడు
డ్రూసెన్ కూడా ఇలాగే ఉంటుంది కదా? డిస్క్‌లో సున్నం గడ్డలు. అంచు మసకగా, డిస్క్ చిన్నగా, బ్లైండ్ స్పాట్ పెద్దగా. ప్రతి మసక డిస్క్‌కీ ఎంఆర్ఐ, నడుం సూది అంటే ఎలా?

డా_కృష్ణవేణి
మంచి ప్రశ్న. ఫీల్డ్ చూసి ఆ రెండింటినీ విడదీయలేం. బీ స్కాన్‌లో గెయిన్ తగ్గించినా డ్రూసెన్ తెల్లగా మెరుస్తూనే ఉంటుంది, ఆటోఫ్లోరెసెన్స్ ఫోటోలో పైకి ఉన్నవి వెలుగుతాయి. లోతున ఉన్నవాటికి డిస్క్ మీద లోతైన ఓసీటీ స్కాన్. కానీ వంగి లేస్తే చూపు మసకబారడం, తలనొప్పి రెండూ ఉన్నాయి కాబట్టి నేను బీ స్కాన్ కోసం ఎంఆర్ఐని ఆపను. డ్రూసెన్ ఉన్న మనిషికి నిజమైన వాపు కూడా రావచ్చు.

లెన్స్‌బాక్స్
ఒక చిన్న కిటుకు. వాపు ఉన్నప్పుడు డిస్క్ చుట్టూ రెటీనా ముందుకి లేస్తుంది. అంత మేర కన్ను ప్లస్ పవర్ కన్నులా తయారవుతుంది, చుక్క మసకగా పడుతుంది, సెన్సిటివిటీ తగ్గుతుంది. అంటే మచ్చ పెరగడంలో కొంత భాగం వట్టి మసక. ట్రయల్ లెన్స్‌లో ప్లస్ ఇంకో రెండు మూడు డయాప్టర్లు పెంచి మళ్లీ చేస్తే మచ్చ చిన్నదవుతుంది. అప్పుడు చూపు కేంద్రం మసకబారి ఎండీ పడిపోతుంది, దాన్ని పట్టించుకోకూడదు, మచ్చ చుట్టూ అంకెలే పోల్చాలి.

డా_కృష్ణవేణి
తెలుసుకోవడానికి బాగుంది, ఈవిడ దగ్గర మాత్రం వద్దు. ఇంకో ఫీల్డ్‌కి కూర్చోబెట్టే సమయంలో డిస్క్ ఫోటో, ఓసీటీ అయిపోతాయి.

డల్లాస్_వాసు
నాన్నగారి షీటు కూడా ఇక్కడ పెట్టొచ్చా? వయసు 66, ఎడమ కన్ను, 24-2. ఎడమ చివర చెవి వైపు. ఎండీ −5.2, జీహెచ్‌టీ `Outside Normal Limits`. రెండు చోట్ల నల్లగా ఉంది, ఏది బ్లైండ్ స్పాటో, ఏది జబ్బో తెలియలేదు.

```
+9        25 27 26 24 19 12  8 11
+3     26 17 28 30 30 27 22 13  9
-3     26 <0 29 31 31 30 28 27 25
-9        27 28 29 30 30 29 28 26
```

పెరిమెట్రీ_మాస్టారు
వాసుగారూ, రెండు షీట్లూ పక్కపక్కన పెట్టుకుంటే ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఎడమ కన్ను కాబట్టి బ్లైండ్ స్పాట్ ఎడమ పక్క. పైన 17, కింద <0. సరిగ్గా ఉండాల్సిన తీరు. చెవి వైపు 26, 26. మచ్చ కింద 28. అది మామూలు బ్లైండ్ స్పాటే, పెరగలేదు.

ఇప్పుడు కుడి పక్క, ముక్కు వైపు చూడండి. +9 వరస చివర 12, 8, 11. సరిగ్గా వాటి కింద −9 వరసలో 29, 28, 26. +3 వరస చివర 13, 9. −3 వరసలో వాటి జోడీలు 27, 25. మధ్య గీత దాటగానే 14 నుంచి 20 డీబీ ఎగురుతోంది. ఇదే నేసల్ స్టెప్. పై సగం పోగులూ కింది సగం పోగులూ రెటీనాలో ఆ గీత దగ్గర కలవకుండా విడిపోతాయి, అందుకే దెబ్బ గీత మీద ఆగుతుంది. +9 వరసలోనే కేంద్రం వైపు వస్తే 8, 12, 19, 24. అంటే పక్కపక్క బిందువుల మీదుగా వంపు మొదలైంది.

పై ఫీల్డ్ పోయిందంటే డిస్క్ కింది అంచులో గండి ఉండాలి, ముఖ్యంగా కింద చెవి వైపు. ఓసీటీలో అక్కడే పలచబడి ఉంటే రెండూ ఒకే మాట చెప్తున్నట్టు. అక్కడ మామూలుగా ఉంటే ఫీల్డ్‌ని అనుమానించాలి.

డల్లాస్_వాసు
ఓసీటీలో కింద ఎర్రగా వచ్చింది, `Inferior` అని. కానీ ఆయనకి రెప్పలు కొంచెం వాలి ఉంటాయి. పైన నలుపు దానివల్ల కాకూడదా?

నల్లమల
రెప్ప వాలితే పైవరస మొత్తం, ముక్కు నుంచి చెవి దాకా పడుతుంది. పైకి పోయేకొద్దీ ఎక్కువ. మధ్య గీతకి ఆనుకున్న +3 వరసలో ముక్కు చివర మాత్రమే 9 చేసే రెప్ప ఉండదు. +21 వరసలో ఎంతున్నాయి?

డల్లాస్_వాసు
22, 21, 18, 16.

నల్లమల
చెవి వైపు 22 నిలబడింది. రెప్ప వాటా ఏదైనా ఉంటే ఒకటి రెండు డీబీ. కావాలంటే రెప్పకి టేప్ వేసి చేయించండి.

పెరిమెట్రీ_మాస్టారు
మళ్లీ చేయించాలి ఎలాగూ, ఎందుకంటే 7/15. ప్యాటర్న్ డీవియేషన్‌లో ఒకే సగంలో పక్కపక్కనే మూడు బిందువులు 5% గుర్తుతో, అందులో కనీసం ఒకటి 1% గుర్తుతో ఉండి, రెండో పరీక్షలో కూడా అదే చోట వస్తే గట్టి సాక్ష్యం. ఒక్క షీటు మీద జీవితాంతం చుక్కలు రాయకూడదు. కానీ ఈయనకి ఓసీటీ కలిసింది కాబట్టి, నా మటుకు మళ్లీ పరీక్ష దాకా మందు ఆపమని కూడా చెప్పను. అది డాక్టరుగారు ప్రెషర్, కార్నియా మందం చూసి తేల్చాలి.

చేయించేటప్పుడు పుట్టిన తేదీ సరిగ్గా కొట్టారో చూడండి. పదేళ్లు తప్పు పడితే పోల్చే మనుషులే మారిపోతారు, టోటల్ డీవియేషన్ మొత్తం తప్పుతుంది. రెండోసారి సిటా ఫాస్టర్‌లో చేస్తే అందులో బ్లైండ్ స్పాట్ చుక్కలు వెయ్యరు, ఫిక్సేషన్ లాసెస్ అంకె ఉండదు. మొదటిది ఏ పద్ధతిలో చేశారో అందులోనే చేయమనండి.

రాజమండ్రి_కుర్రాడు
బ్లైండ్ స్పాట్ సరిగ్గా కొలవాలంటే 30-2 మేలు కదా, బిందువులు ఎక్కువ?

లెన్స్‌బాక్స్
ఎడం అదే 6 డిగ్రీలు. చెవి వైపు 27 దగ్గర ఇంకో బిందువు వస్తుంది, బయటి అంచు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, అంతే. మచ్చ గీత గీయాలంటే గోల్డ్‌మన్ మీద చిన్న చుక్కని మచ్చ లోపలి నుంచి బయటకి అన్ని దిక్కులా నడిపించాలి. చేసేవాళ్లు తగ్గిపోయారు.

పెరిమెట్రీ_మాస్టారు
నాకు 30-2 కొంచెం ఇష్టమే, వాపు తగ్గుతోందా లేదా నెలనెలా చూడటానికి. కృష్ణవేణిగారు 24-2 చాలంటారేమో.

డా_కృష్ణవేణి
చాలంటాను. 30-2 బయటి వరసలో లెన్స్ రింగు నీడ పడి వచ్చే గోల ఎక్కువ. వాపుకి నేను బ్లైండ్ స్పాట్ కన్నా ముక్కు వైపు కింది భాగాన్ని ఎక్కువ చూస్తాను. అది పడటం మొదలైతే పోగులు నిజంగా పోతున్నట్టు, అప్పుడు తొందర పెరుగుతుంది. ఈవిడకి ఇప్పుడు అది 28, 29 దగ్గర ఉంది.

సుబ్బు_74
అలా అయితే ముదిరిన వాపు ఫీల్డూ గ్లాకోమా ఫీల్డూ ఒకేలా అయిపోవూ? అప్పుడెలా విడదీస్తారు?

డా_కృష్ణవేణి
ఫీల్డ్ ఒక్కదానితో విడదీయలేం. అక్కడ మీరు అన్నది నిజం. డిస్క్ రంగు చూడాలి. పాలిపోయి గుంట పడకపోతే వాపు తర్వాత మిగిలినది, గుంట పడి మిగిలిన అంచు ఎర్రగా ఉంటే గ్లాకోమా. రెండూ కలిసిన కళ్ల దగ్గర వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఆప్టో_శ్రావణి
డాక్టరుగారికి చూపించాను. రెండు డిస్కులూ ఉబ్బాయి, కుడిది ఎక్కువ. బీపీ 124/80. మొటిమలకి డాక్సీసైక్లిన్ రెండు నెలలుగా వాడుతున్నారట, ఎవరూ అడగలేదు. మందు ఆపించి, వీనోగ్రామ్‌తో ఎంఆర్ఐకి ఈ సాయంత్రమే పంపారు. డ్రూసెన్ ఉందో లేదో బీ స్కాన్ రేపు. రాగానే ఎడమ కన్ను అంకెలు కూడా పెడతాను, అందులో మచ్చ పైన 27 ఉంది, అదొక్కటే ఎందుకు పడలేదో నాకింకా తెలియలేదు.

పెరిమెట్రీ_మాస్టారు
మచ్చ నడిమి ఒకటిన్నర డిగ్రీ కిందకి ఉంటుందన్నాను కదా. మచ్చ పైన +9 వరసలోని బిందువు అంచు నుంచి దాదాపు ఏడు డిగ్రీల దూరం, కింద −9 వరసలోది నాలుగు లోపే. తక్కువ వాపులో కిందదే ముందు పడుతుంది. అంకెలు పెట్టు, చూద్దాం.